హాలంతా కరకర

మా వదినకు ఓర్పు తక్కువ, చేతికి తెలివి ఎక్కువ. ఆడపడుచు నోట వదిన గొప్ప రావడం అరుదేనని నాకూ తెలుసు. అయినా చెప్పి తీరుతాను.

సినిమా హాల్లో చిరుతిళ్ల కౌంటర్ అన్నావదినలదే. గోబీ ముక్కలు, ఉల్లి చక్రాలు అమ్ముతారు. ఇంటర్వెల్‌లో జనం ఒక్కసారిగా మీద పడతారు కాబట్టి అన్నీ ముందే వేయించి పెట్టుకోవాలి. మైదాలో ముంచి వేయించినవి మూకుట్లోంచి తీసినప్పుడు బంగారంలా ఉండేవి, జనం చేతికి వెళ్లేసరికి తడిగుడ్డల్లా వేలాడేవి. మేనేజర్ విసిగిపోయాడు.

"ఈ ఆదివారం కూడా ఇలాగే ఉంటే కౌంటర్ వేరేవాళ్లకి ఇచ్చేస్తా."

మా ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ కౌంటర్ వల్లే.

"బజ్జీల బండి మీద నాన్నకి మైదాతోనే కదా పేరొచ్చింది!" అన్నాడు అన్నయ్య.

"మామయ్యగారు మూకుట్లోంచి నేరుగా ప్లేట్లో పెట్టేవారండీ. మనవి కాసేపు ఆగాలి," అంది వదిన. "మైదాకి జిగురెక్కువ. కలిపేకొద్దీ సాగుతుంది, తడిని పట్టుకుని వదలదు. పైగా గోబీలోంచి వచ్చే తడి కూడా చేరితే ఇక మెత్తబడక ఏం చేస్తుంది? బియ్యప్పిండికి, కార్న్‌ఫ్లోర్‌కి ఆ జిగురు లేదు. నూనెలో పడగానే నీళ్లు ఆవిరైపోతాయి, పొర ఎండి పెళుసవుతుంది. తొందరగా మెత్తబడదు."

ముందు బియ్యప్పిండి ఒక్కటే వాడి చూసింది. కొన్ని ముక్కలకు అంటలేదు, అంటినవి పళ్లకు పరీక్ష పెట్టాయి. నేను పకపకా నవ్వాను. ఆవిడ నవ్వలేదు. సగం కార్న్‌ఫ్లోర్ చేర్చి, అంటుకోవడానికి కాస్తంత మైదా వేసింది. ఈసారి నా నోరు మూతపడింది, కొరకడానికి తప్ప తెరుచుకోలేదు.

ఆదివారం మూకుడు దగ్గర అన్నయ్య నిలబడ్డాడు. మొదటి వాయి భేషుగ్గా వచ్చింది. రెండో వాయిలో ముక్కలు బోడిగా తేలాయి.

"చెప్పానా! నీ పిండి అంటుకోవడం లేదు," అన్నాడు.

వదిన గిన్నెలోకి చూసింది. పైన పల్చటి నీళ్లు, అడుగున ముద్ద.

"బియ్యప్పిండి అడుక్కి దిగిపోతుందండీ. మైదాలా కలపకుండా వదిలేస్తే ఎలా? ప్రతి వాయికీ అడుగు నుంచి కలపాలి," అంటూ గరిటె లాక్కుంది. నేను వేయించినవాటి మీద మూత పెట్టబోతే చేతి మీద ఒక్కటిచ్చింది. "ఆవిరంతా మళ్లీ వాటికే పడుతుంది. జల్లెట్లో పరిచి వదిలెయ్!"

ఇంటర్వెల్ అయింది, జనం పొట్లాలతో లోపలికి వెళ్లారు. కాసేపటికి మేనేజర్ రుసరుసలాడుతూ వచ్చాడు.

"ఏంటమ్మా ఇది? సినిమా మొదలైంది, హాలంతా కరకరే! హీరోయిన్ ఏడుపు కూడా వినబడట్లేదు."

"అయితే కౌంటర్ ఖాళీ చెయ్యమంటారా?" అంది వదిన.

ఆయన జల్లెట్లోంచి ఓ ముక్క తీసి కొరికాడు. కరకరమంది. ఇంకోటి తీసుకున్నాడు.

"ఖాళీ చెయ్యమన్నదెవరు? పిండి ఎవరు కలిపారు?"

తండ్రి పేరు తప్ప మరొకరి పేరు ఎత్తని మా అన్నయ్య, గొంతు సవరించుకుని, హాల్లోకి కూడా వినబడేంత గట్టిగా అన్నాడు:

"మా ఆవిడండీ!"