అనుబంధంలోకి పోయిన పాటలు

అరవైల చివర, ఊడ్పు పాటల మీద నేను రాసిన పరిశోధన గ్రంథం పరీక్షకుల దగ్గర్నుంచి తిరిగొచ్చింది. విశ్లేషణ ముందుండాలి, మొదటి అధ్యాయంలోని పాటలు అనుబంధంలోకి పోవాలి అన్నారు. మండిపడ్డాను. అయినా డిగ్రీ కావాలి గనక, అధ్యాయాల క్రమం మార్చడానికి అనుమతి కోరుతూ శాఖాధిపతికి ఉత్తరం రాసి, గైడు గారి సంతకంతో పంపాను. "ఈ మార్పువల్ల విషయానికి ఎలాంటి లోటూ రాదు" అని చివర ఒక వాక్యం చేర్చాను. వారంలో అనుమతి వచ్చింది.

ఆ పాటలన్నీ శ్రీముఖలింగం దగ్గర పొలాల్లో నాట్లేసే ఒక ముసలామె పాడినవి. పుస్తకం ఆవిడ పాటలతోనే మొదలవుతుందని మాటిచ్చి ఉన్నాను. అందుకే స్వయంగా వెళ్లి, పాటలు చివరికి పోయాయని చెప్పాను.

ఆవిడ చేతుల బురద కడుక్కుంటూ నవ్వింది.

"రైతులింట్లో పెళ్లికెల్తే మమ్మల్ని ఆకరి బంతిలోనే కూకోబెడతారు బాబూ. పుస్తకంలో కూడా అంతేనేటి?"

కోప్పడినా బాగుండేది.

"పరీక్షకులు అలా రాశారమ్మా" అన్నాను.

లోటు రాదని రాసింది మాత్రం పరీక్షకులు కాదు. నేనే.