మీరు దయగలవాడవు

మా శోభ మేడం చేతిలో ఒక్క క్రియాపదం పెడితే చాలు. రాసినవాడి క్వార్టరు నంబరు, వాడు పొద్దున తిన్న కూర, వాడి తండ్రి ఏ షిఫ్టులో ఉన్నాడో, అన్నీ చెప్పేస్తుంది. దొంగను పట్టడానికి పోలీసులు కుక్కను పక్కన కూర్చోబెట్టి మేడం కోసం జీపు పంపారని నేను చెబితే నమ్మనివాళ్లు గోదావరిఖనిలో ఉన్నారు. వాళ్ల ఖర్మ.

నా పేరు వీరేందర్. డిగ్రీ కాలేజీ గేటుకు ఎదురుగా జిరాక్సు దుకాణం నాదే. అడిగిన పిల్లలకు అర్జీలు కూడా రాసిపెడతాను. ఆ కాలేజీలోనే చేరి, నా తెలివి ముందు లెక్చరర్లు చిన్నబోతున్నారని జాలిపడి మధ్యలో మానేశాను. లేకపోతే ఈపాటికి ప్రిన్సిపాల్ కుర్చీలో నేనే ఉండేవాడిని.

మేడం ఆ కాలేజీలో తెలుగు చెబుతుంది. పుట్టింది శ్రీరాంపూర్‌లో. తండ్రి కొమురెల్లి బొగ్గు బాయిలో పనిచేసి రిటైరయ్యాడు. కాలనీలో చదువురాని ఆడవాళ్లకు ఊళ్ల నుంచి వచ్చే ఉత్తరాలను చిన్నప్పుడు ఆమే చదివి వినిపించేదట. మర్యాద ఎక్కువైన చోట ఏదో అడగబోతున్నారని, అది ఉన్నట్టుండి తగ్గిన చోట అడిగింది ఇవ్వబోవడం లేదని అప్పుడే కనిపెట్టిందట. ఎమ్మే తెలుగు చదివాక కూడా ఆ గుణం పోలేదు, ముదిరింది. షేర్ ఆటో ఎక్కే ముందు డ్రైవరు ముఖం ఒకటికి రెండుసార్లు చూస్తుంది. నా దుకాణంలో జిరాక్సు తీయిస్తే అసలు కాగితాన్నీ నకలునూ పక్కపక్కన పెట్టి మొత్తం చదువుతుంది, మిషన్ ఏమన్నా మార్చి రాసిందేమోనని.

అలాగని ఆ అనుమానం ఊరికే పోదు. రుత్విక్ అనే పిల్లవాడు ఒకసారి తండ్రి రాసినట్టు సెలవుచీటీ తెచ్చాడు. సంతకం అచ్చుగుద్దినట్టు ఉంది. మేడం ఒక్క వాక్యం దగ్గర ఆగింది: ‘మా అబ్బాయి జ్వరంతో పడుకొని ఉన్నారు.’

“ఏ తండ్రిరా కొడుకును ‘ఉన్నారు’ అనేది? నీకు నువ్వే మర్యాద ఇచ్చుకున్నవా?” అంది. రుత్విక్ ఆ రోజు నుంచి చీటీలు రాయడం మానేసి నేరుగా కాలేజీయే మానేస్తున్నాడు.

ఇక అసలు సంగతి. పరీక్షల ముందు ఆరోన్ అనే రెండో ఏడు పిల్లవాడికి హాజరు తక్కువ పడింది. తండ్రి స్తెఫను బండి మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకుంటే దవాఖానలో కొడుకే తోడున్నాడు. ప్రిన్సిపాల్ దయ తలచి ఒప్పుకుంటే హాల్ టికెట్ వస్తుంది, లేకపోతే ఏడాది పోయినట్టే. ఆఫీసులో తెలుగులో మనవి రాసివ్వమన్నారు. వాడు రాసిచ్చాడు.

గంట గడవకముందే అటెండరు నా దుకాణానికి పరుగెత్తుకొచ్చాడు. “అన్నా, జల్ది రా. సారు నిన్ను పిలుస్తున్నడు. ముఖం కొలిమి లెక్కున్నది.”

ప్రిన్సిపాల్ జైపాల్ సారు కొత్తగా వచ్చాడు. అంతకు వారం ముందే ఎవరో పిల్లల వాట్సాప్ గ్రూపులో ఆయన్ను ‘ఒరే’ అని ఎగతాళి చేశారు. ఎవరన్నది తేలలేదు. అప్పటి నుంచి ఆయన కంటికి కాలేజీలో ఎవరు నవ్వినా అందుకే నవ్వినట్టు కనిపించేది. నేను వెళ్లేసరికి శోభ మేడం కూడా అక్కడే ఉంది.

“చదువుండ్రి మేడం. గట్టిగ చదువుండ్రి,” అన్నాడు సారు.

మేడం చదివింది. “గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి. మా నాన్న దవాఖానలో ఉన్నందున నేను తరగతులకు రాలేదు. మీరు దయగలవాడవు. మీరు నా మొర ఆలకించుము. నన్ను త్రోసివేయకుము. మీరు తప్ప నాకు దిక్కు లేదు. దయచేసి హాల్ టికెట్ ఇప్పించండి.”

“విన్నరా? మొదలు ‘గారు’ అన్నడు, ఎనక ‘వాడవు’ అన్నడు. నన్ను వాడు అంటడా! ఆలకించుమట! నేనేమన్న వాని పాలేరునా? ఒక్క లైన్ల మొక్కుడు, ఒక్క లైన్ల తిట్టుడు. ఇద్దరు కూసోని రాసిన్రు ఇది. ఒకడు ఆరోను.” సారు నా వైపు తిరిగాడు. “రెండోది నువ్వేనా?”

“నేనైతే ఇంకా మంచిగ రాద్దును సార్,” అన్నాను. నాకు తెలిసిన సత్యం అది. ఎందుకో ఎవరికీ నచ్చలేదు.

మేడం నన్ను పైనుంచి కిందికి చూసింది. తర్వాత పెన్సిల్‌తో కాగితం మీద గీతలు పెట్టింది. “‘మీరు’ అంటే ‘దయగలవారు’ అనాలె, ‘ఆలకించండి’ అనాలె. ‘వాడవు’, ‘ఆలకించుము’ నీవుతోటి పోతయి. తప్పులు ఖాయమే సార్. ఆ పిలగాన్ని పిలుద్దాం.”

“ఎందుకు? ఇంటికి పంపుడే.”

“తిట్టెటోడు ‘ఇయ్యి’, ‘విను’ అంటడు. ‘త్రోసివేయకుము’ అని ఎవ్వడన్న తిడతడా? దీని సంగతి వేరే ఉన్నది.”

ఆరోన్ వచ్చాడు. సన్నగా, నిద్రలేని కళ్లతో. మేడం మెత్తబడలేదు.

“ఎవరు చెప్తే రాసినవ్ ఇది? వీరేందరా?”

“లేదు మేడం. నేనే రాసిన.”

“‘మీరు దయగలవాడవు’ అని ఎవరన్న అంటరా?”

“మా నానమ్మ అంటది మేడం. పొద్దుమాపు ప్రార్థనల. నేను చిన్నప్పటి నుంచి ఇంగ్లిష్ మీడియమే. పెద్దోళ్లకు మంచి తెలుగుల ఎట్ల రాయాలెనో తెల్వదు. మంచి తెలుగంటే నాకు ప్రార్థనే యాదికొచ్చింది. ‘నీవు దయగలవాడవు, నీవు నా మొర ఆలకించుము’ అని అంటరు గదా.”

“అక్కడ నీవు అంటరు. నువ్వు మీరు అన్నవ్.”

“సారును నీవు అంటే బాగుండదని మార్చిన మేడం.”

“ఏం మార్చినవ్?”

“‘నీవు’ ఉన్న కాడల్ల ‘మీరు’ పెట్టిన.”

“చివర్లు?”

“చివర్లు గూడ మార్చాల్నా మేడం?”

మేడం కాగితం సారు ముందు పెట్టి పెన్సిల్ కొనతో చూపించింది. ‘మీరు’ దిద్దిన చోట క్రియ దిద్దలేదు. ‘త్రోసివేయకుము’ ముందు ‘నీవు’ అసలు లేదు కాబట్టి దాన్ని ముట్టుకోనే లేదు. ఆఫీసు బోర్డు మీద చూసి నేర్చుకున్న ‘ఇప్పించండి’ ఒక్కటే నిక్షేపంగా ఉంది.

సారు ఒక్కో గీతా చూశాడు. “అంటే దేవున్ని నువ్వు అంటరా మీరు?”

“అందరం అంటం సార్,” అంది మేడం. “మా ఇంట్ల మా అమ్మ గూడ దేవునికి మొక్కితే ‘నువ్వే కాపాడాలె’ అంటది. దేవునికి ‘మీరు’ అనేటోళ్లు తక్కువ. మీకే గావాలె అది.”

అది ఎగతాళో వ్యాకరణమో సారుకు అంతుపట్టలేదు. నా నవ్వు ఆపుకోవడానికి గోడ మీద క్యాలెండర్ చదివాను. “దవాఖాన కాగితాలు తేవాలె. ఒరిజినల్‌వి,” అన్నాడు చివరికి. ఆరోన్ సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టాడు. సారు తేదీలు చూశాడు. ఆయన తర్వాత మేడం కూడా చూసింది. అప్పుడు వాడిని అక్కడే కూర్చోబెట్టి, ‘దయగలవారు, ఆలకించండి, త్రోసివేయకండి’ అని చివర్లు దిద్దించి కొత్త కాగితం రాయించింది. సారు సంతకం పెట్టాడు. ఆరోన్ పరీక్ష రాశాడు.

ఆ రోజు నుంచి ఈ కథ నేను దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ చెబుతున్నాను. మేడం ఆ కాగితాన్ని ముట్టుకోగానే పిల్లవాడి ఇంట్లో నానమ్మ మోకరించిన చాప కూడా కనిపించిందని, ప్రత్యయాల వాసన పట్టి క్షణంలో నిజం బయటపెట్టిందని. మొన్న మేడం జిరాక్సుకు వచ్చినప్పుడు ఎవరితోనో అదే చెబుతున్నాను. ఆమె నకలు మీది నుంచి కళ్లు ఎత్తకుండానే అంది:

“నేనేం కనిపెట్టలే వీరేందర్. నువ్వు రాయించినవనుకొని, నిన్ను పట్టిద్దామనే పిలగాన్ని పిలిచిన. వాడు నోరు తెరిస్తే తెలిసింది.”