తొంభై ఎనిమిది చూసి అందరూ సంతోషించారు

గోదావరిఖనిలో నేను పనిచేసే దవాఖాన పేరు రాయను. రాసినా దానికి కొత్తగా వచ్చే పరువేమీ లేదు, పోయేది మాత్రం ఉంది. నెలకోసారి అక్కడ డాక్టర్లు, నర్సులు కలిసి ఆ నెల చనిపోయినవాళ్ల గురించి, వైద్యం అడ్డం తిరిగిన కేసుల గురించి మాట్లాడుకుంటారు. సమోసాలు కూడా ఉంటాయి. చావు గురించి మాట్లాడుతున్నప్పుడు సమోసాను చప్పుడు కాకుండా నమలడం మాకు కాలేజీలో ఎవరూ నేర్పలేదు, అనుభవం మీద వచ్చింది.

ఆ మాటలన్నిటినీ కాగితం మీద ఒక పద్ధతిలో పెట్టే పని నాది. ఏం జరిగింది, దానికి దారితీసినవి ఏవి, ఇకమీదట ఏం చేద్దామని ఒప్పుకున్నాం, మూడు భాగాలు. డాక్టర్లలో అందరికంటే చిన్నవాణ్ని నేనే కాబట్టి నాకిచ్చారు. జోకులేసేవాడికి ఇలాంటి పని ఇస్తే నోరు కాస్త మూతపడుతుందని మా డాక్టర్లందరికీ పైనుండే పెద్దసార్ ఆశ కూడా కావచ్చు.

ఆ నెల కేసు ఒక రిటైర్డు బొగ్గుగని కార్మికుడిది. పొగ, దుమ్ము కలిసి ఊపిరితిత్తుల్ని ఎప్పుడో పాడుచేశాయి. ఆయాసంతో వచ్చాడు, ఆక్సిజన్ పెట్టారు. సాయంత్రం మళ్లీ ఎగశ్వాస పెడుతుంటే, గనిలో డ్యూటీ దిగి నేరుగా వచ్చిన కొడుకు, గాలి ఇంకొంచెం ఎక్కువ పెట్టమని సిస్టర్‌ను బతిమాలాడు. భూమి లోపల పనిచేసేవాడికి గాలి ఎక్కువైతే ప్రమాదమని చెబితే ఎట్లా నమ్ముతాడు? సిస్టర్ ఆక్సిజన్ పెంచింది. రక్తంలో ఆక్సిజన్ తొంభై ఎనిమిది శాతానికి చేరింది. ముసలాయన నిమ్మళంగా నిద్రపోయాడు. అందరూ సంతోషించారు.

అది నిద్ర కాదు. అలాంటి ఊపిరితిత్తులున్న కొందరికి ఆక్సిజన్ మరీ ఎక్కువైతే రక్తంలో బొగ్గుపులుసు వాయువు పేరుకుని మగత కమ్ముతుంది. వాళ్లకు ఎనభై ఎనిమిది, తొంభై రెండు మధ్య ఉంటే చాలు. పొద్దున లేపితే లేవలేదు. వెంటిలేటర్ పెట్టినా దక్కలేదు.

మీటింగులో పెద్దసార్ తేల్చేశారు: సిస్టర్ గమనించలేదు, ఆమెకు గట్టిగా చెప్పాలి. నర్సుల పెద్ద మేడమ్ తలవంచుకున్నారు. ఇకనుంచి అందరూ జాగ్రత్తగా ఉండాలని ఎవరో అన్నారు. ఆ పని ఎవరిది, ఎప్పటిలోగా అని అడిగాను. అందరిదీ, ఎప్పటికీ అన్నారు. పెళ్లికార్డు మీద రాసుకోవడానికి బాగుంటుంది గానీ మూడో భాగంలో పెట్టడానికి పనికిరాదు.

అయినా చెప్పింది చెప్పినట్టే చిత్తుప్రతి రాసేశాను. "సిస్టర్ గమనించలేదు" అన్న వాక్యం చక్కగా, పొట్టిగా కుదిరింది. ఇంత సుఖంగా కుదిరిన వాక్యం మీద అప్పుడే అనుమానం రావాల్సింది.

మర్నాడు ఆ సిస్టరే క్యాంటీన్ దగ్గర కలిసింది. రామకృష్ణాపూర్ నుంచి బస్సులో వచ్చి పోతుంది, కాంట్రాక్టు ఉద్యోగం. నాకంటే పెద్దది కాబట్టి అక్కా అంటాను. మామూలుగా నా జోకులకు ముందు నవ్వేది ఆమె. ఆ రోజు నేనేదో అనబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"నేను చూడలేదని రాస్తున్నరట కద సార్."

"పేర్లు రాయం అక్కా. ఎవరి పేరూ ఉండదు."

"పేరు లేకున్నా నేనేనని అందరికెరుకే. వచ్చే నెల నా కాంట్రాక్టు అయిపోతది. ఈ కాగితం ఆఫీసుకు పోతే మల్ల తీస్కుంటరా?" మెల్లగా అంది. "చూడకపోయుంటె తప్పని ఒప్పుకుందు. చూసిన సార్. గంట గంటకు చూసిన. తొంభై ఎనిమిది ఉంటె మంచిగుందనే అనుకున్న."

వెనక్కి వెళ్లి కేసు షీటు మళ్లీ తీశాను. గంటగంటకూ చూసింది, రాసింది. మా వార్డు చార్టులో ఆక్సిజన్ తగ్గితేనే ఎరుపు. తొంభై ఎనిమిది పచ్చరంగు గడిలో పడుతుంది. ఆ చార్టు ప్రకారం ఆ వార్డులో అందరికంటే ఆరోగ్యవంతుడు ఆయనే. ఇక డాక్టరు రాసిచ్చిన ఆక్సిజన్ ఆర్డరులో ఉన్నది ఒకే ముక్క: అవసరమైతే ఇవ్వాలి. ఎంతవరకు ఉంచాలో, ఎక్కడ ఆపాలో లేదు. కింద సంతకం పెద్దసార్‌ది.

ఆ పొట్టి వాక్యం కొట్టేశాను. జరిగినదాంట్లో "సిస్టర్ గంటగంటకూ చూసి నమోదు చేశారు, చార్టు ప్రకారం అది మామూలు" అని రాశాను. కారణాల్లో మూడు పెట్టాను. ఆర్డరులో హద్దు లేదు. చార్టు ఇలాంటి రోగులను వేరుగా చూపదు. షిఫ్టు మారేటప్పుడు "నిద్రపోతున్నడు, మంచిగున్నడు" అని అప్పజెప్పారు, లేపి చూడాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. కొడుకు అడిగిన సంగతి జరిగినదాంట్లోనే ఉంచాను, కారణాల్లోకి రానివ్వలేదు. అడగడం అతని వంతు, హద్దు చెప్పడం మా వంతు.

మూడో భాగం దగ్గర ఆగిపోయాను. మీటింగులో ఒప్పుకోనిదాన్ని ఒప్పుకున్నామని రాయకూడదు. అందుకే చిత్తుప్రతి పట్టుకుని మీటింగుకు వచ్చినవాళ్లందరి దగ్గరికీ వెళ్లాను. ఇలాంటి రోగులకు వేరే చార్టు తెచ్చే పని మత్తుమందు డాక్టరు తీసుకున్నారు. షిఫ్టు మార్పులో రోగిని లేపి పలకరించే పని మేడమ్ తీసుకున్నారు. ఆర్డరు షీటులో హద్దు కోసం గడి అచ్చేయించే పనికి మాత్రం ఎవరూ ముందుకు రాలేదు. అది పెద్దసార్ షీటు.

చివరికి ఆయన గదికి వెళ్లాను. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి చదివారు. మళ్లీ చదివారు.

"ఈ ఆర్డరు నేను రాసిందే కద."

"అవును సార్."

"అంటే నన్ను ఇరికిస్తున్నవా?"

"ఎవరి పేరూ లేదు సార్. మీదీ లేదు, సిస్టర్‌దీ లేదు."

"పేరు లేకుంటె ఏంది, నేనేనని అందరికి తెలుస్తది."

"సిస్టర్ కూడా అదే అన్నది సార్."

జోకనుకుని అనలేదు. అయినా నా నోట్లోంచి ఏం వచ్చినా జోకులాగే వినిపిస్తుంది, అదొక శాపం. ఆయన పెన్ను తీసి, గడి అచ్చేయించే పని పక్కన తన హోదా రాసి, వచ్చే మీటింగులోగా అని పెట్టారు. కాగితం తిరిగిస్తూ, ఇది క్వాలిటీ ఫైల్లోనే ఉండాలి, ఎవరి ఉద్యోగం ఫైల్లోకీ పోవద్దు అన్నారు. ఆఫీసు నుంచి ఒక కాపీ అడుగుతూ ఫోను వస్తే, నా ముందే కుదరదని చెప్పారు. మెచ్చుకుందామంటే అప్పటికే నన్ను బయటికి పొమ్మన్నారు.

అక్క కాంట్రాక్టు పొడిగించారు. గడి అచ్చయింది, చార్టు వచ్చింది. మొన్న అదే వార్డులో అలాంటి ఊపిరితిత్తుల మనిషే ఇంకొకాయన ఉంటే, గాలెందుకు తగ్గిస్తున్నారని ఆయన అల్లుడు ఆమెతో గొడవపడ్డాడు. ఆమె ఆర్డరులోని అంకెలు చూపించి నిలబడింది. మంచి కథగా చెప్పుకోవాలంటే ఇక్కడికి ఆపొచ్చు.

కానీ ఇప్పుడామె హద్దు రాసి ఉన్నా సరే, ఆక్సిజన్ ముట్టుకునే ముందు ప్రతిసారీ నాకు ఫోన్ చేస్తుంది. నా డ్యూటీ కాకపోయినా చేస్తుంది. మొదట్లో ఒకసారి, ఫ్యాను వేయడానికి కూడా పర్మిషన్ కావాలా అక్కా అన్నాను. అవతల నవ్వు రాలేదు. "చెప్పున్రి సార్, తగ్గించాల్నా?" అంది.

అంకె ఎంతుందని అడిగాను. చెప్పింది. తగ్గించమన్నాను. అప్పటినుంచి ఆమె ఫోన్ చేస్తే జోకులు వేయడం లేదు, అంకె అడుగుతున్నాను.