పోలమ్మ రెండు చిరునామాలు

పోలమ్మ పుట్టిందీ, కాపురం చేసిందీ కుమ్మరి వీధిలోనే. మట్టిగోడ ఒరిగిపోతోందని పక్కా ఇంటి కోసం మూడుసార్లు దరఖాస్తు పెట్టింది. మూడుసార్లూ, నేను వివరాలు ఎక్కించే మండల ఆఫీసు కంప్యూటర్ 'చిరునామా సరిపోలలేదు' అంది.

"నానెక్కడికీ కదల్నేదు బాబూ! మరా ఇల్లెవుల్ది?" అని నన్నే అడిగింది.

తప్పు నాదే. రేషన్ కార్డులో తెలుగులో 'కుమ్మరి వీధి' అని ఉంది. గుర్తింపు కార్డుకు ఇంగ్లిష్‌లో ఎక్కించేటప్పుడు, అతితెలివికి పోయి 'పాటర్స్ స్ట్రీట్' అని కొట్టాను. కంప్యూటర్ తెలుగు పేరును పలికినట్టే ఇంగ్లిష్ అక్షరాల్లోకి మార్చి పోల్చుకుంటుంది. అర్థాలు దానికెక్కడ తెలుస్తాయి?

దిద్దుబాటు అర్జీ పై ఆఫీసులో ఉండగానే, వానకు నానిన గోడ ఆమె మీద కూలింది.

మరణ ధ్రువపత్రంలో మాత్రం వీధి పేరు పలికినట్టే కొట్టాను. రేషన్ కార్డుదీ, దీనిదీ రెండు చిరునామాలూ మొదటిసారే కలిశాయి.