మడిచిపెట్టిన కొమ్మలు

నేను విడవలూరులో సర్కారు బడి పంతులమ్మని. చదువుకు రంగులు పూసే వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మా వీధిలో దర్జీ భాయ్ గారి అమ్మాయి డీఎస్సీకి చదువుతూ, సాయంత్రాలు నా దగ్గరికి వచ్చి అప్పజెప్పేది. ప్రైవేటు బడిలో ఉద్యోగం వదిలేసి మరీ కూర్చుంది. ఈసారి తప్పితే మళ్లీ నోటిఫికేషన్ ఎన్నేళ్లకో ఎవరికి తెలుసు?

నెల్లూరు కోచింగ్ సెంటర్లో ఎవరో సారు మైండ్ మ్యాప్ యాప్ వేసుకోమన్నాడట. ఇక చూడాలి మా మహారాణి వైభోగం! నడుమ డీఎస్సీ అని ఒక గడి. దాని నుంచి సైకాలజీ, మెథడాలజీ, విద్యా దృక్పథాలు అని కొమ్మలు, వాటికి పిల్లకొమ్మలు. అభ్యసన సిద్ధాంతాల నుంచి బోధనా పద్ధతులకు అడ్డంగా ఒక చుక్కల గీత. ఆ గీత ఒక్కటే నాకు నచ్చింది. మిగతాదంతా ముస్తాబు. సైకాలజీకి గులాబీ రంగా, వంకాయ రంగా అని ఒక పూటంతా తేల్చుకోలేకపోయింది.

"చదివేదెప్పుడు అమ్మే?" అన్నాను.

"అయిపోయినవి మడిచేస్తా ఉన్నాను కదక్కా" అని ఫోన్ చూపించింది. చదవడం పూర్తయిన కొమ్మను నొక్కితే లోపలివన్నీ దాక్కుని, పక్కన వాటి లెక్క చెప్పే అంకె ఒకటి మిగులుతుంది. ఎన్ని మడిస్తే అంత ఘనకార్యం!

పరీక్ష దగ్గరపడ్డాక ఆ మ్యాపును బొమ్మగా దించి, జిరాక్స్ షాపులో పెద్దగా ప్రింటు తీయించి గోడకు అంటించింది. ఫోన్ చూస్తే ధ్యాస పోతోందని దాన్ని వాళ్లమ్మకు ఇచ్చేసింది. రోజూ గోడ చూసే చదివింది. ఒక సాయంత్రం సైకాలజీలో ప్రజ్ఞ సిద్ధాంతాలు అడిగాను. ఒక్కదాని పేరు కూడా గుర్తు రాలేదు. మూర్తిమత్వం అడిగాను. అదీ అంతే.

వాళ్లింటికి వెళ్లి గోడ చూశాను. సైకాలజీ అనే మాట ఉంది, పక్కన అంకె ఉంది, కింద ఏమీ లేదు. తెర మీద మడిచి ఉన్నది బొమ్మలోనూ మడిచే వచ్చింది. మొదట చదివినవేవీ గోడ మీద లేవు, మా మహారాణి తలలోనూ లేవు.

"ఏందక్కా ఇట్టా చేసుకున్నాను!" అని నేల మీద కూలబడింది.

"శోకాలు తర్వాత, ముందు ఫోన్ తీసుకురా" అని కసిరాను. కొమ్మలన్నీ తెరిపించాను. ఒక్కో కొమ్మ మడిచి, లోపల ఏముందో కాగితం మీద రాయమని, మళ్లీ తెరిచి సరిచూసుకోమన్నాను. రానివే చదివించాను. రంగుల జోలికి పోతే చెయ్యి విరగ్గొడతానన్నాను. పరీక్ష రోజు దాకా అదే పని.

పరీక్ష రాసి బయటికి రాగానే సెంటరు గేటు దగ్గర నా చెయ్యి పట్టేసుకుంది. "అక్కా, మడిచిపెట్టినవే అడిగినారు."

"చేసినావా?"

"చేసినా."

అక్కడే, అంతమంది ముందర, ఇద్దరం ఏడ్చాం. ఆ యాప్ మీద కోపం మాత్రం నాకు ఇప్పటికీ పోలేదు.