ఆ నంబరు నుంచి వచ్చిన ప్రకటన

మా గ్రూపులో ఎవరూ మాట్లాడరు. మాట్లాడే వీలు లేదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల బోరు మోటారు మెకానిక్‌లు, వైండింగ్ షాపుల వాళ్లు ఉన్న వాట్సాప్ గ్రూపు అది. అడ్మిన్ తప్ప ఇంకెవరూ మెసేజ్ పెట్టలేకుండా తాళం వేసి ఉంటుంది. ఆ తాళం నా వల్లే పడిందని చాలామంది అంటారు. ఒకాయన కాలిపోయిన మోటారు ఫొటో పెట్టి కారణం ఏమై ఉంటుందని అడిగితే, ఇంతగా మాడిందంటే దీనికి పెళ్లయి ఉంటుందని నేను రాశాను. దాని కింద నవ్వు బొమ్మలు వరసగా పడ్డాయి. ఆ సాయంత్రమే తాళం పడింది.

అడ్మిన్ వనపర్తిలో ఉంటాడు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ పాఠాలు చెప్పి రిటైరైన సారు. ఇప్పుడు రాగి తీగ, బేరింగులు అమ్ముకుంటాడు. నేను ఏడో తరగతిలో బడి మానేసినా, సారు రూలు మాత్రం నన్ను వదల్లేదు. ఉద్యోగ ప్రకటన పెట్టాలనుకుంటే ముందు ఆయనకు విడిగా రాయాలి, అనుమతి అడగాలి, ప్రకటన నమూనా జతచేయాలి. ఆయన చదివి, సరే అనుకుంటే తనే పెడతాడు. నమూనా ఎలా ఉండాలో గ్రూపు వివరాల్లోనే రాసి ఉంటుంది. పని, జిల్లా, అనుభవం, జీతం, వసతి, ఫోను. అంతే. ఊరి పేరు, షాపు పేరు రాస్తే అది ప్రచారం కింద లెక్క.

నాకు ఆ ప్రకటన చాలా అవసరమైంది. బిజినేపల్లిలో నేనొక్కడినే నడుపుకునే వైండింగ్ షాపు నాది. నీళ్లలోకి దిగే మోటార్లకు తీగను లోపలి గాడుల్లోంచి ఒక్కో చుట్టూ చేత్తోనే లాగాలి. ఆ లాగే చెయ్యి, నా కుడి చెయ్యి, మొద్దుబారింది. దవాఖానలో చూపిస్తే పని ఆపమన్నారు. యాసంగి నాట్లు మొదలయ్యాయి, మోటార్లు కాలడం మొదలైంది. షాపు ముందు విప్పిన మోటార్లు వరసగా పడుకుని ఉన్నాయి. పని వచ్చిన మనిషి దొరక్కపోతే షట్టరు దించుకోవడమే. ఒకసారి దించితే రైతులు ఇంకో షాపు అలవాటు చేసుకుంటారు, మళ్లీ రారు.

పని కోసం ఫోన్లు చేసేవాళ్ల గోల విడిగా ఉండాలని కొత్త సిమ్ము తీసుకుని పాత ఫోన్లో వేశాను. నంబరు కొత్తదే గానీ మొదటి రోజే ఎవరో పెద్దమనిషి ఫోన్ చేసి, మోటారు మళ్లీ గుర్రుమంటోందని చెప్పుకున్నాడు. కాసేపు విని, గొంతు మారిందేమని అడిగాడు. సర్ది పట్టిందన్నాను. నాకు అబద్ధం ఆడడం కంటే జవాబు లేకుండా ఉండడం కష్టం. ఆయన జాగ్రత్త చెప్పి పెట్టేశాడు. ఎవరనుకుని జాగ్రత్త చెప్పాడో నేను ఆలోచించలేదు.

ఆ నంబరు నుంచే సారుకు రాశాను. నా పేరు పెట్టలేదు. నా పేరు చూస్తే అందులో ఎక్కడో ఒక జోకు దాగి ఉందని వెతుకుతాడు, అనుమతి ఆలస్యమవుతుంది. ఎవరో బుద్ధిమంతుడు రాశాడనుకోవాలని, నా మాట అనిపించిన ప్రతి ముక్కా కొట్టేస్తూ పోయాను. చివరికి మిగిలింది ఇది:

*నమస్కారం సార్. మన గ్రూపులో ఒక ఉద్యోగ ప్రకటన పెట్టడానికి మీ అనుమతి కోరుతున్నాను. నమూనా కింద ఉంది. మార్పులు చెబితే దిద్ది పంపుతాను. వీలు చూసుకుని పెట్టగలరు.*

*మనిషి కావలెను*
*పని: సబ్‌మెర్సిబుల్ మోటార్ల వైండింగ్, చేనులో బిగింపు*
*జిల్లా: నాగర్‌కర్నూల్*
*అనుభవం: రెండేళ్లు. ఐటీఐ లేకున్నా సరే*
*జీతం: పని చూసి, మాట్లాడుకుని*
*వసతి: షాపు వెనక గది*
*ఫోను: ఇదే నంబరు*

చదువుకుంటే నాకే ఎవరో పరాయివాడు రాసినట్టు అనిపించింది. మంచిదే అనుకున్నాను.

రెండు టిక్కులు నీలంగా మారాయి. సారు చదివాడు. పైన టైపింగ్ అని వచ్చింది. పోయింది. మళ్లీ వచ్చింది, మళ్లీ పోయింది. నేను చాయ్ తాగి వచ్చి చూసినా అదే తంతు. ఎవరో తలుపు దాకా వచ్చి, తట్టబోయి, వెనక్కి తగ్గుతున్నట్టుగా ఉంది. జవాబు మాత్రం రాలేదు. మరునాడు మర్యాదగా గుర్తు చేశాను. అదీ చదివాడు. మళ్లీ ఆ టైపింగే.

ఆ మధ్యాహ్నం సారే ఫోన్ చేశాడు. నేను ఎత్తాను. అవతల ఏమీ లేదు. ఫ్యాను తిరిగే చప్పుడు, ఒక మనిషి ఊపిరి. తర్వాత గొంతు వచ్చింది.

"ఎవరు?"

రెండు రోజులు పేరు దాచుకుని కూర్చున్నవాడిని, ఇక ఆగలేకపోయాను.

"నీ జవాబు కోసం జూసి జూసి సచ్చిపోయినోన్ని సారూ."

నవ్వుతాడనుకున్నాను, లేదా తిడతాడు. ఊపిరి చప్పుడు ఆగిపోయింది. ఫ్యాను మాత్రం తిరుగుతోంది. తర్వాత ఏదో కింద పడిన చప్పుడు, ఫోను కట్టయింది. తిరిగి చేస్తే స్విచ్చాఫ్.

మరునాడు బస్సెక్కి వనపర్తి పోయాను. సారు కొట్టు సగం షట్టరు దించి ఉంది. లోపల రాగి తీగ చుట్టల మధ్య కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి ఏందిరా ఇట్ల వచ్చినవ్ అని మామూలుగానే అన్నాడు, ముఖం మాత్రం మామూలుగా లేదు. నా ప్రకటన సంగతి ఏమైందని అడిగాను. నీది ఏ ప్రకటన అన్నాడు. నాలుగు మాటల్లో చెప్పే బదులు, జేబులోంచి పాత ఫోను తీసి ఆయనకు ఒక రింగు ఇచ్చాను.

బల్ల మీద ఆయన ఫోను వెలిగింది. సారు కుర్చీని వెనక్కి లాక్కున్నాడు. తెర మీద *తెలకపల్లి వైండింగ్* అని ఉంది.

తెలకపల్లిలో వైండింగ్ షాపు నడిపిన ఆయన పోయినేడాది చనిపోయాడని మా గ్రూపులో సారే పెట్టాడు. నేను ఆయన్ని ఒకేసారి చూశాను, మాట తక్కువ మనిషి. చేను దగ్గర స్టార్టర్ డబ్బా విప్పుతుంటే షాకు కొట్టింది. ఆ పనికి ఒక్కడే వెళ్లాడు. పక్కన ఇంకొకడుంటే మెయిన్ స్విచ్చి దించేవాడని అందరూ అనుకున్నారు. ఇంట్లోవాళ్లు ఆ సిమ్ముకు రీఛార్జి మానేసి ఉంటారు. కొన్ని నెలలు చూసి కంపెనీ ఆ నంబరును మళ్లీ అమ్మింది. కొన్నది నేను.

నేను చేతిలో ఉన్న నా ఫోను వైపు చూశాను. వేళ్ల మొద్దు మోచేతి దాకా పాకినట్టయింది.

సారు మెల్లగా తన ఫోను తెరిచి నా ముందు పెట్టాడు. అంతా ఒకే తెర మీద ఉంది. కింద నా మెసేజ్. దాని పైన ఇంకో మెసేజ్, ఆయన పోయినేడు పంపింది. నమస్కారం సార్ అని మొదలు. అనుమతి కోరుతున్నాను. మనిషి కావలెను. పని, జిల్లా, అనుభవం, జీతం, వసతి, ఫోను. అది సారు నేర్పిన నమూనాయే, ఎవరు రాసినా అలాగే ఉంటుంది. అది తెలిసీ రెండింటినీ మార్చి మార్చి చదివాను. నాలోంచి నన్ను తీసేస్తే మిగిలింది సరిగ్గా ఆయన.

రెండు మెసేజ్‌ల మధ్య సారు రాసిన జవాబు ఒకటి ఉంది. *రేపు చూస్తా.* దాని తర్వాత ఏమీ లేదు, నా నమస్కారం దాకా.

"మర్శిపోయిన్రా," అన్నాడు సారు. "పని ఎక్కువుండి గాదు. ఉట్టిగనే మర్శిపోయిన. వారం తిరగకముందే ఆయన పోయిండు. నువ్వు నిన్న ఫోన్ల గట్ల అన్నంక, నిజమే గదా అనుకున్న."

జోకు సారూ, జోకు అన్నాను. ఆ మాట నా నోట్లోంచి అంత నీరసంగా ఎప్పుడూ రాలేదు. నంబరు మార్చి మళ్లీ పంపుతానన్నాను. సారు ఫోను తన వైపు లాక్కున్నాడు.

"వద్దు. గీ నంబరు తోనే పెడ్త. ఒక్కసారన్న పెట్టాలె గదా."

నా ఎదురుగానే పెట్టాడు. ఇదే నంబరు అన్న చోట ఆ నంబరు వేశాడు, మిగతా దాంట్లో ఒక్క అక్షరం కూడా మార్చలేదు.

ఆ తర్వాత మూడు జిల్లాల్లో దాదాపు ఎవరూ నాకు ఫోన్ చేయలేదు. చేసినవాళ్లు నేను హలో అనగానే పెట్టేశారు. తర్వాత తెలిసింది, సగంమంది ఫోన్లలో ఆ నంబరు ఇంకా ఆయన పేరు మీదే ఉంది. చచ్చిపోయిన మనిషి పనివాడి కోసం వెతుకుతుంటే ఎవరు వస్తారు? ఆయన ఎక్కడికి రమ్మంటాడో? ఇది నేను వేయాల్సిన జోకు. మా గ్రూపులో మాట్లాడే వీలుంటే వేసేవాడినేమో. షాపు ముందు ఇంకో రెండు మోటార్లు వచ్చి పడ్డాయి. నేను ఎడమ చేత్తో తీగ లాగబోయి, చుట్టంతా పాడు చేసి, షట్టరు వైపు చూస్తూ కూర్చున్నాను.

అప్పుడు మోగింది. నేను హలో అనకముందే అవతలి మనిషి మొదలుపెట్టాడు.

"అన్నా, నేనే. రాయచూరుల ఉన్న. నీ మెసేజ్ ఎవరో పంపిన్రు. నీ దగ్గర పని నేర్సి, నీతోనే కొట్లాడి పోయిననాడు, మనిషి కావాలంటే గ్రూపుల పెడ్త, నీ దాకా వస్తది, వచ్చినప్పుడు పంతం ఇడిశి రా అన్నవ్ గదా. ఇన్ని దినాలకు పెట్టినవ్. వస్తున్నన్నా."

పనివాడు దొరికాడు, వస్తానంటున్నాడు. నేను సర్ది పట్టింది అని ఒక్క మాట అంటే చాలు, బస్సెక్కుతాడు. నోట్లో ఆ మాట తయారుగానే ఉంది, ఎప్పుడూ ఉంటుంది.

"నేను మీ అన్నను కాదు తమ్మీ," అన్నాను. మిగతాదంతా చెప్పాను. ఆయన పోయాడని, ఆయన అడిగినా ప్రకటన పడనే లేదని, ఇప్పుడు పడింది నాదని. చెబుతున్నంతసేపూ అవతల బస్టాండు రొద వినిపిస్తూనే ఉంది. అతను ఫోన్ చేసిందే అక్కడి నుంచి.

చెప్పడం అయ్యాక అడిగాడు.

"ఒక్కడే పోయిండా డబ్బా ఇప్పనీకి?"

ఒక్కడే అన్నాను.

"పోయినేడే పెడ్తె పోయినేడే వస్తుంటి." తర్వాత నా సంగతి అడిగాడు. "నీకైతే మనిషి కావాల్నా?"

కావాలన్నాను.

"ఆయ్తు," అన్నాడు, రాయచూరు కన్నడంలో సరేనని. "వస్త."

వచ్చాడు. షాపు వెనక గదిలో ఉంటున్నాడు. యాసంగి గట్టెక్కింది, షట్టరు దించలేదు. చేను దగ్గరికి ఇద్దరం కలిసే పోతాం. అతను డబ్బా విప్పుతాడు, నేను మెయిన్ దగ్గర నిలబడతాను. నా చేతికి ఆ పని చాలు. నా జోకులకు నవ్వుతాడు, కొంచెం ఆలస్యంగా.

నంబరు మార్చలేదు. సారు మారుస్తావా అని అడగలేదు, నేను చెప్పలేదు. మొన్న అతను వెనక గదిలో ఉంటే, ఫోను ఎక్కడ పెట్టాడో కనబడక పాత ఫోన్లోంచి రింగు ఇవ్వమని కేకేశాడు. ఇచ్చాను. నా పక్కనే, తీగ చుట్టల మీద అతని ఫోను వెలిగింది. *గురువు* అని ఉంది. దాని పైన తెలకపల్లి ఆయన ఫొటో, చేతిలో టెస్టర్‌తో, ఎండకు కళ్లు చిట్లించి నా వైపే చూస్తూ. మోగడం ఆగిపోయేదాకా నేను ఎదురుగా కూర్చునే ఉన్నాను.