చుక్క పొడిచే వేళకు స్వాగతం

గిద్దలూరు దాటాక నల్లమల అంచున ఉన్న రిసార్టులో ఎబినేజర్ రెండు నెలలుగా మేనేజరు. అదీ తాత్కాలికమే. ఖాయం చేయాలా వద్దా తేల్చుకోవడానికి ఆ సోమవారం యజమాని ఓబులయ్య వచ్చినాడు. ఎబినేజర్ తడబడితే ఆ కుర్చీ తనదేనని రిసెప్షన్‌లో కూర్చునే కాటమరాజు ఆశ.

ఇద్దరిదీ తర్లుపాడే. దొరికిన పుస్తకమల్లా చదివినవాడు కాటమరాజు. ఎబినేజర్ చర్చి మీటింగుల్లో మైకు పట్టడం నేర్చినాడు, అంతే. అట్లాంటివాణ్ణి రోజూ ‘సార్’ అనాలంటే కాటమరాజు నోరు చేదయ్యేది.

మధ్యాహ్నం మహానంది నుంచి కాకినాడ రిటైర్డు టీచర్ల బస్సు వచ్చి ఆగింది. లీడరు జాహ్నవి కౌంటరు దగ్గరికొచ్చింది.

“బాబూ, కార్తీక సోమవారం కదా, మావాళ్లు ఉపవాసమండి. చుక్క చూశాకే తింటారు. మేనేజరుగారికి చెప్పండి.”

కాటమరాజు తలూపినాడు గానీ చెప్పలేదు. ‘సూపు చల్లారకముందే మొదలుపెట్టండి’ అని ఎబినేజర్ ప్రతి బృందానికీ చెప్పే మాటే ఈ పంతులమ్మలకూ చెప్పాలి, ఓబులయ్య వినాలి.

సాయంత్రం ఎబినేజర్ వచ్చి, “అన్నా, వీళ్ల గురించి నేను తెలుసుకోవాల్సింది ఏమన్నా ఉందా?” అని అడిగినాడు.

“ఏముంటది సార్, మామూలే.”

మైకు పట్టేముందు, రిసెప్షన్ ఎదుట లాన్‌లో వేసిన భోజనాల బల్లల మధ్య తిరగడం ఎబినేజర్ అలవాటు. “బస్సులో మోకాళ్లు పట్టేసినాయా అమ్మా?” అంటూ ఒక్కొక్కరినీ పలకరించినాడు. ఒకామె నీళ్లు కూడా వద్దని గ్లాసు పక్కకు జరిపింది. ఆమె పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని ఏదో విన్నాడు. కాటమరాజు చూస్తుండగానే లేచి మైకు అందుకున్నాడు.

“జాహ్నవమ్మగారికీ, కాకినాడ గురువులందరికీ నమస్కారం. మా అడవి అంచుకు స్వాగతం. రేపు టిఫిను చేసినాక శ్రీశైలం బయలుదేరదాం, దోర్నాల దగ్గర అడవి గేటు తెల్లారేదాకా తెరవరు కాబట్టి తొందరపడొద్దు. రాత్రి ఏ అవసరమొచ్చినా గదిలో ఫోను తీసి తొమ్మిది నొక్కండి, మావాళ్లు పలుకుతారు. ఉపవాసమని నాకు ఇప్పుడే తెలిసింది, క్షమించండి. వంటలు పొయ్యి మీదే వేడిగా ఉంటాయి. ఈ లైట్లలో చుక్కలు కనపడవు. కాటమన్నా, లాన్ లైట్లన్నీ ఆర్పు.”

రెండు నిమిషాలు కూడా పట్టలేదు. స్విచ్చులన్నీ కాటమరాజు వెనకే ఉన్నాయి. ఓబులయ్య అతని వంకే చూస్తున్నాడు. కాటమరాజు ఒక్కొక్కటే నొక్కినాడు. కొండ మీద ఆకాశం నిండా చుక్కలు. పంతులమ్మలు చేతులు జోడించినారు.

“ఈ అబ్బాయి మన మనిషిలా ఉన్నాడే,” అంది చీకట్లో ఒకామె.

“ఎబినేజర్, రేపు పర్మనెంటు ఆర్డరు తీసుకో,” అన్నాడు ఓబులయ్య.

జాహ్నవి కౌంటరు వైపు తిరిగి, “ఆలస్యంగానైనా మేనేజరుగారికి చెప్పినందుకు థాంక్స్ బాబూ,” అంది.

ఎబినేజర్ కాటమరాజు ముఖంలోకి చూసినాడు. ఏమీ అనలేదు. అనివుంటే బాగుండేది.